మీకు తెలుసా? ‘బస్సు’కు బటన్లు ఎన్ని?

హిమాయత్ సాగర్ ఒడ్డున చేపల వల, తలెత్తితే శంషాబాద్ నుంచి లేచిన విమానం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలుకొని ఇంగ్లిష్ మీడియం వచ్చింది కాబట్టి, ఇక్కడి పిల్లలు ఆ రెంటినీ ‘నెట్’, ‘జెట్’ అని కూడా చదవాలి. రెండూ మూడక్షరాల మాటలే. మరి ఎందుకు తడబడతారు?

● ‘పడవ’ కూడా మూడక్షరాలే. ప, డ, వ అని వరసగా పలికితే చాలు, మాట వచ్చేస్తుంది. ‘నెట్’ అలా రాదు. ఎన్, ఈ, టీ అని అక్షరాల పేర్లు చదివితే ‘ఎనీటీ’ అవుతుంది. శబ్దాలు చెప్పమంటే న-ఎ-ట అంటారు, అప్పుడు ‘నఎట’ అవుతుంది. మన హల్లులో ‘అ’ దాగి ఉండటమే కారణం. మందు కూడా మన దగ్గరే ఉంది, అదే పొల్లు. న్-ఎ-ట్ అంటే ‘నెట్’ పలుకుతుంది.

● ఈ శబ్దాలను విడదీసి కలపడానికి అక్షరాల కింద పెట్టే చుక్కలే సౌండ్ బటన్లు. ఒక్కో శబ్దానికి ఒక్కో చుక్క. వేలితో ఒక్కోటీ నొక్కుతూ పలికి, తర్వాత వేలు ఎత్తకుండా జరుపుతూ కలిపి పలకాలి. ‘షిప్’లో నాలుగక్షరాలున్నా శబ్దాలు మూడే. అందుకే మొదటి రెండక్షరాల కింద చుక్కలు కాదు, ఒకే గీత గీస్తారు. ‘న్న్న్’ అని సాగదీస్తూ తర్వాతి శబ్దంలోకి జారవచ్చు, ‘జ్’ను అలా సాగదీయలేం. కనుక ముందు ‘నెట్’, ఆ తర్వాతే ‘జెట్’.

● బొమ్మ ముందే చూపిస్తే పిల్లలు చదవరు, ఊహిస్తారు. వల బొమ్మ చూసి ‘వల’ అనేస్తారు కూడా. అందుకే బొమ్మల ఇంగ్లిష్ పేర్లు ముందుగా ఒకసారి చెప్పి, బొమ్మల కార్డులు బోర్లించాలి. మాట చదివాక వల, విమానం, మరకు బిగించే నట్టు బొమ్మలు తెరిచి, చదివినదేదో చూపమనాలి. ‘నెట్’ చదివి విమానం చూపితే మొదటి శబ్దం జారిందన్నమాట. నట్టు చూపితే మధ్య అచ్చు దగ్గర పొరపాటు.

● బ్-అ-స్ అని మూడు బటన్లూ సరిగ్గా నొక్కి, చివరికి ‘బస్సు’ అనే పిల్లలు ఎందరో! ఇంట్లో, వీధిలో వాళ్లు వినేది అదే. తెలుగు మాట చివర అచ్చు కోరుకుంటుంది. పెన్ను, కప్పు, జగ్గు అన్నీ అలా వచ్చినవే. ఇది చదవడంలో తప్పు కాదు, మన నోటి అలవాటు. కోప్పడకుండా ‘చివరి ఉ-కి బటన్ ఏదీ?’ అని అడగండి. వెతికితే దొరకదు. మన నోట్లో ఎలా ఉన్నా, మాట రాసిన కార్డు మీద బస్సుకు బటన్లు మూడే.