ఈ అంకెలో పన్ను ఉందా?

విజయవాడలో టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు అమ్మే ఒక సంస్థ ఆఫీసు అది. తెనాలి, గుడివాడ, ఖమ్మంలో దాని షాపులున్నాయి. అన్ని షాపుల బిల్లులూ ఒకచోట చేరి, ఏ నెల ఎంత అమ్మకం, ఏ షాపు పెరిగింది, ఏది తగ్గిందీ ఒకే పేజీలో కనిపించేలా పవర్ బీఐలో డ్యాష్‌బోర్డు చేయించుకున్నారు. సిబ్బంది మాత్రం దాన్ని తెరిచేవారు కాదు. లెక్క కావాలంటే మునుపటిలాగే అకౌంటెంటుకి ఫోన్ చేసేవారు. వాళ్లకి ఒక పూట నేర్పమని నన్ను పిలిచారు.

ఇలాంటి పని మొదట్లో నేను తప్పుగానే చేశాను. ప్రొజెక్టర్ వేసి ప్రతి మీటా నొక్కి చూపించేవాడిని. అందరూ తలలూపేవారు. వారం తిరిగేసరికి ఎవరికీ ఏమీ గుర్తుండేది కాదు. ఇప్పుడు నా పద్ధతి వేరు. తొంభై నిమిషాలు, పది మందికి మించకుండా, ఇద్దరికొక ల్యాప్‌టాప్. మొదటి అరగంట ల్యాప్‌టాప్ మూసే ఉంటుంది. బల్ల మీద ఉండేది బిల్లుల కట్ట.

ఈసారి తెచ్చింది తెనాలి షాపులో 2025 అక్టోబరు 7న కొట్టిన బిల్లులు. క్యాలిక్యులేటర్‌తో కూడమన్నాను. మొత్తం 5,90,000 రూపాయలు వచ్చింది. ఇద్దరు రెండోసారి కూడి చూసుకున్నారు. అప్పుడు డ్యాష్‌బోర్డు తెరిచి ఆ షాపు, ఆ రోజు పెట్టి చూపించాను. అక్కడ 4,75,000 ఉంది.

గది కాసేపు సద్దుమణిగింది. తర్వాత, కంప్యూటరే తప్పని ఒకరు, ఏదో బిల్లు ఎక్కలేదని ఇంకొకరు. శిక్షణలో అసలు పని జరిగేది ఈ పావుగంటలోనే. తొందరపడి జవాబు చెప్పేస్తే అంతా వృథా. తేడా 1,15,000. ఇది ఎక్కడ పోయిందో బిల్లుల్లోనే వెతకమన్నాను. బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి ముందు పట్టుకుంది. “సార్, ఈ అంకెలో పన్ను ఉందా?” లేదు. బిల్లు మొత్తంలో జీఎస్టీ 18 శాతం కలిసి ఉంటుంది, డ్యాష్‌బోర్డు పన్ను తీసేసి చూపిస్తుంది. అంటే 90,000 దొరికింది. మిగిలిన 25,000 ఆ రోజు వెనక్కి వచ్చిన ఒక టీవీది. దానికి ఇచ్చిన క్రెడిట్ నోట్ వేరే ఫైల్లో ఉంది, నేను తెచ్చిన కట్టలో లేదు. లెక్క రూపాయితో సహా సరిపోయింది.

పన్ను సంగతి చిన్నది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీదా, 32 అంగుళాలు దాటిన టీవీల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. డ్యాష్‌బోర్డు పన్నుతో కలిపి చూపించేదైతే, నిన్న 128 రూపాయలుగా పడిన అమ్మకం ఇవాళ 118గా పడుతుంది. ఒక్క ఏసీ కూడా తక్కువ అమ్మకపోయినా గీత కిందికి జారుతుంది.

రెండో అరగంట ఫిల్టర్లకి. షాపు, నెల, సరుకు ఎంచుకోవడం ఎవరికైనా అయిదు నిమిషాల్లో వస్తుంది. దాని మీద కాలం గడపను. చిక్కంతా పెట్టిన ఫిల్టరు మరిచిపోవడంలో ఉంది. ఎవరైనా కమ్మీల బొమ్మలో గుడివాడ కమ్మీ మీద ఊరికే నొక్కుతారు. పేజీలో మిగతా అంకెలన్నీ గుడివాడవి అయిపోతాయి. పైన ఉన్న మొత్తం కూడా. వాళ్లేమో అది సంస్థ మొత్తమనుకుంటారు. మిగతా కమ్మీలు వెలిసిపోయినట్టు కనిపిస్తే ఏదో నొక్కి ఉన్నట్టే. అదే కమ్మీ మళ్లీ నొక్కితే వదిలిపోతుంది. ఇంకో సంగతి, ఆన్‌లైన్లో చూసేటప్పుడు మనం పెట్టిన ఫిల్టర్లని పవర్ బీఐ మన పేరు మీద గుర్తుపెట్టుకుంటుంది. నిన్న ఏసీలు మాత్రమే చూసి మూసేస్తే ఇవాళ తెరిచినా ఏసీలే. ఒకే పేజీ చూస్తూ ఇద్దరు ఫోన్లో వేర్వేరు అంకెలు చదివి గొడవపడేది సాధారణంగా ఇందుకే. అందుకని పేజీ తెరవగానే Reset నొక్కడం, డేటా చివరిసారి ఎప్పుడు తాజా అయిందో చూడడం అలవాటు చేయిస్తాను. ఇక్కడ రోజుకి రెండుసార్లే తాజా అవుతుంది. మధ్యాహ్నం కొట్టిన బిల్లు సాయంత్రం దాకా కనపడదు.

ఈ భాగంలో ఒక ఆట పెడతాను. ఒకరు అంకె చదవాలి, దాన్ని పక్కవాళ్లు తమ తెర మీద తెచ్చుకోవాలి. ‘పన్నెండు లక్షలు’ అంటే ఎవరూ తేలేరు. ‘అక్టోబరు, తెనాలి, టీవీలు, పన్ను లేకుండా పన్నెండు లక్షలు’ అంటే అందరికీ వస్తుంది.

చివరి అరగంటకి తెర మీద ఒక ఎర్ర బాణం మిగిల్చాను. అక్టోబరు అమ్మకం నిరుటి అక్టోబరు కంటే 16 శాతం తక్కువ. నిరుడు కోటి, ఈ ఏడాది 84 లక్షలు. కారణమేమిటో చెప్పమంటే పోటీ షాపు, వానలు, ఆన్‌లైన్ అని తలా ఒకటి అన్నారు. బాణం పక్కన ఆ కారణాలేవీ రాసి లేవు. మనమే తెచ్చి పెడుతున్నాం. క్యాలెండర్ చూడమన్నాను. 2024లో దసరా అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న. పండగ కొనుగోళ్లు ఈసారి చాలావరకు సెప్టెంబరులోనే పడి ఉండాలి.

‘పడి ఉండాలి’ అన్నది ఇంకా ఊహే. దాన్ని ఫిల్టరుతోనే పరీక్షించాలి. రెండు నెలలూ కలిపి చూస్తే నిరుడు 60 లక్షలూ కోటీ కలిసి కోటీ అరవై, ఈ ఏడాది 86, 84 కలిసి కోటీ డెబ్బై. ఎర్ర బాణం పచ్చగా మారిపోయింది. ఇంకాస్త నిక్కచ్చిగా కావాలంటే తేదీల్ని పండగతో జతచేయాలి. నిరుడు అక్టోబరు 3 నుంచి 12 వరకు, ఈ ఏడాది సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 2 వరకు. ఆ పది రోజుల్లోనూ ఈ ఏడాదే ఎక్కువ వచ్చింది. అయినా అది పండగ బలమా, పన్ను తగ్గిన బలమా అంటే ఈ పేజీ చెప్పలేదు. రెండూ ఒకే వారంలో వచ్చి పడ్డాయి. అలాగే చెప్పాను.

సెషన్ ముగుస్తుండగా గోడౌన్ చూసే పెద్దాయన నోరు విప్పారు. అప్పటిదాకా మౌస్ ముట్టుకోలేదు.

“బాబూ, ఇక్కణ్ణుంచి ఖమ్మం పంపే సరుక్కి మేం బిల్లే కొడతాం. గుడివాడకైతే చలానా సరిపోద్ది. ఆ ఖమ్మం బిల్లులు ఇందులో కలిశాయా?”

ఖమ్మం తెలంగాణలో ఉంది. సంస్థ ఒకటే అయినా వేరే రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ వేరు కాబట్టి, సరుకు బదిలీకి కూడా పన్ను బిల్లు కొట్టాలి. డ్యాష్‌బోర్డుకి అది అమ్మకంలా కనిపిస్తే, అదే ఫ్రిజ్ ఖమ్మంలో అమ్ముడైనప్పుడు రెండోసారి లెక్కలోకి వస్తుంది. నా దగ్గర జవాబు లేదు. ప్రశ్నని బోర్డు మీద రాసి, పక్కన అకౌంటెంటు పేరూ, శుక్రవారం అనీ రాశాను.

శుక్రవారం దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే అకౌంటెంటు ఫోన్ చేశారు. కలిశాయట, ఏప్రిల్ నుంచీ.