యూజర్‌నేమ్‌లో అసలు పేరెందుకు?

రైలు టికెట్ కోసం ఐఆర్‌సీటీసీ ఖాతా తెరిచేటప్పుడు పెద్దవాళ్లకు మొదటి సందేహం ఇక్కడే వస్తుంది. "యూజర్‌నేమ్‌లో నా పేరు లేకపోతే టీటీఈ దించేయడూ?" అంటారు మా పెద్దమ్మ. ఆ భయం న్యాయమైనదే. కానీ టీటీఈ చూసేది టికెట్ మీది ప్రయాణికుల పేరు, దానికి సరిపోయే గుర్తింపు కార్డు. అసలు పేరు అక్కడ తప్పనిసరి. యూజర్‌నేమ్‌ పని ఖాతాలోకి వెళ్లడం వరకే.

పైగా చాలామందికి ఉండే పేర్లను ఈపాటికే ఎవరో తీసుకుని ఉంటారు. అప్పుడు చాలామంది పక్కన పుట్టిన సంవత్సరమో ఫోన్ నంబరో చేరుస్తారు. అది వద్దు. అలాంటి వివరాలు మోసగాళ్లకు పనికొస్తాయి.

మేం కూర్చుని వేరే పేరు వెతికాం. పెద్దమ్మకు మామిడితోట ఇష్టం. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసుకోకుండా మళ్లీ మళ్లీ రాయమంటే ఒకసారి mamiditota, ఒకసారి mamidithota, మరోసారి maamidithota అని రాశారు. అసలు చిక్కు ఇదే: తెలుగు మాటకు ఇంగ్లిష్‌లో ఒకే స్పెల్లింగ్ ఉండదు. నెల తర్వాత ఏది రాశారో గుర్తురాక ఖాతా తెరుచుకోదు. చిన్నప్పటి నేరేడు పండు గుర్తొచ్చి neredupandu అని రాశారు. ఎన్నిసార్లు అడిగినా అదే స్పెల్లింగ్. దాన్నే ఖాయం చేసి, డైరీలో ఆవిడ చేతే రాయించాను. పాస్‌వర్డ్ మాత్రం ఆ పేజీలో రాయలేదు.