వంటకం పేరులోని క్రియ: తెలుగు ఇంటి వంటల వివరణలను ఆంగ్ల మెనూలోకి అనువదించే పద్ధతి

వ్యాస సంగ్రహం

తెలుగు వంటకాల పేర్లలో చాలావరకు పదార్థం పేరుతో పాటు వండే తీరును తెలిపే మాట కూడా ఉంటుంది. హోటల్ మెనూల ఆంగ్లానువాదంలో పదార్థం నిలిచి, వండే తీరు జారిపోతుంది. ఇగురు, ఆవ పెట్టిన కూర అనే రెండు ఉదాహరణల ఆధారంగా ఆ నష్టం ఎక్కడ జరుగుతుందో, దానిని నివారించే పద్ధతి ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: అనువాదం, వంట పదజాలం, ఇగురు, ఆవ పెట్టడం, మెనూ భాష.

1. ప్రవేశిక

వేపుడు, ఇగురు, పులుసు అనేవి వాడుకలో నామవాచకాలే. అయినా వీటి వెనుక ఉన్నది వంట చేసే చేతి పని. ఈ మూడింటిని వేరు చేసే ప్రధానాంశం నీరు. వేపుడులో నూనెదే పని, చివరకు ముక్కలో తడి మిగలదు. ఇగురులో నీరు చేరినా, ముక్క నుంచే ఊరినా, అది ఇగిరిపోయేదాకా ఉడికిస్తారు. పులుసులో చింతపండు రసం మరిగి చిక్కబడుతుంది, కాని ద్రవంగానే నిలుస్తుంది. తెలుగు పాఠకుడు పేరు చదవగానే ఇది గ్రహిస్తాడు. మెనూలో ఈ మూడూ చాలాసార్లు 'కర్రీ', 'ఫ్రై' అనే రెండు మాటల్లోకి కుదించుకుపోతాయి.

హాన్స్ వెర్మీర్ ప్రతిపాదించిన స్కోపోస్ సిద్ధాంతం ప్రకారం అనువాద పద్ధతిని నిర్ణయించేది ఆ అనువాద ప్రయోజనం. మెనూలోని వాక్యానికి ప్రయోజనం ఒక్కటే: పళ్లెంలోకి ఏమి రాబోతుందో తినేవారికి ముందుగా తెలియజేయడం. ఆ దృష్టితో చూస్తే వండే తీరు అదనపు సమాచారం కాదు, వివరణలో ప్రధాన భాగం.

2. ఇగురు: నీటి గతి

'నీళ్లు ఇగిరిపోయాయి' అనే వాడుకలో ఉన్న క్రియే రొయ్యల ఇగురు అనే పేరులోనూ ఉంది. శుభ్రం చేసిన రొయ్యలకు ఉప్పు, పసుపు పట్టించి వేడి చేస్తే వాటి నుంచే నీరు ఊరుతుంది. ఆ నీరు తగ్గాక, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం వేగిన నూనెలో రొయ్యలను కలిపి, మూత తీసి దగ్గరపడేదాకా ఉంచుతారు. మసాలా ముక్కను అంటిపెట్టుకోవడం, అంచుల్లో నూనె తేలడం ఇగురు సిద్ధమైందనడానికి గుర్తులు.

దీనిని 'ప్రాన్ కర్రీ' అంటే తినేవారు గ్రేవీని ఆశిస్తారు. 'ప్రాన్ ఫ్రై' అంటే కరకరలాడే రొయ్యలను ఆశిస్తారు. వచ్చిన వంటకం ఎంత బాగా కుదిరినా, రెండు సందర్భాల్లోనూ అది లోపంగానే కనిపిస్తుంది. 'ప్రాన్స్ సిమ్మర్డ్ ఇన్ దెయిర్ ఓన్ జ్యూసెస్ అంటిల్ ది ఆనియన్ మసాలా క్లింగ్స్' అన్నప్పుడు ఇగురు అనే క్రియకు రెండు కొసలూ దొరుకుతాయి: నీరు ఎక్కడిది, చివరకు ఏమి మిగిలింది. ఆంగ్లంలో ఇగురుకు సరిపడే ఒక్క మాట లేకపోయినా, క్రియను దాని ముగింపుతో కలిపి చెప్పే వీలుంది.

3. ఆవ పెట్టడం: సమయం

అరటికాయ ఆవ పెట్టిన కూర ఇంతకంటే క్లిష్టమైన ఉదాహరణ. మెనూలో దీనికి సులభంగా తట్టే అనువాదం 'రా బనానా కర్రీ విత్ మస్టర్డ్'. ఇందులో ప్రతి మాటా తెలుగు మాటకు సరిపోయినట్లే ఉంటుంది, వంటకం మాత్రం కనిపించదు.

రెండు అరటికాయలను ఉడికించి, తొక్క తీసి, చేత్తో చిదుముతారు. మినపప్పు, శనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేసి, పసుపు, ఉప్పు, కొద్దిగా చింతపండు గుజ్జు చేర్చి, పులుపు పచ్చిదనం పోయేదాకా మగ్గనిచ్చి చిదిమిన కాయను కలుపుతారు. పొయ్యి ఆపి, వేడి కాస్త తగ్గాక, ఒక చెంచాడు ఆవాలను ఎండుమిర్చితో, కాసిన్ని నీళ్లతో నూరిన ముద్దను కలుపుతారు.

ఈ కూరలో ఆవాలు రెండుసార్లు వస్తాయి. పోపులో చిటపటలాడిన ఆవగింజ ఘాటు కోల్పోయి కమ్మదనాన్ని మాత్రమే ఇస్తుంది. నూరిన పచ్చి ఆవకు ఘాటు ఉంటుంది. గింజ నలిగి తడి తగిలినప్పుడు దానిలోని ఎంజైమ్ పనిచేయడం వల్లనే ఆ ఘాటు పుడుతుంది. వేడికి ఆ ఎంజైమ్ చెడిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో పోతుంది. అందుకే ఆవ పెట్టడం దించిన తరువాతి పని. 'విత్ మస్టర్డ్' అనే మాట ఈ రెండు ఆవాల మధ్య భేదాన్ని చెరిపేస్తుంది. దక్షిణాది వంటలు కొంత తెలిసిన పాఠకుడు దానిని పోపు ఆవాలుగానే అర్థం చేసుకుంటాడు.

ఇక్కడ 'పెట్టు' అనే క్రియ కూడా అనువాదకుడిని తప్పుదారి పట్టించగలదు. పులుసు పెట్టిన కూరలోనూ అదే క్రియ ఉంది. కాని అక్కడ చింతపండు రసం పొయ్యి మీదే కూరతో ఉడుకుతుంది. సమయం క్రియలో లేదు, దానికి ముందున్న నామవాచకంతో కలిసి వంట తెలిసినవారి అనుభవంలో ఉంది. తెలుగులో చెప్పకుండానే అర్థమయ్యే ఆ సమయాన్ని ఆంగ్లంలో పైకి చెప్పక తప్పదు.

'రా బనానా' కూడా చిక్కే. మెనూ ఆంగ్లంలో 'రా' అంటే వండనిది. 'గ్రీన్ ప్లాంటెయిన్' అంటే ఆ అపోహ ఉండదు. 'కర్రీ' గ్రేవీని తలపిస్తుంది, ఈ కూర పొడిగా ఉంటుంది. కాబట్టి తెలుగు పేరును లిప్యంతరీకరణతో నిలిపి, దాని కింద ఈ వివరణ ఇవ్వవచ్చు: 'క్రంబుల్డ్ గ్రీన్ ప్లాంటెయిన్ విత్ టామరిండ్, ఫినిష్డ్ ఆఫ్ ది హీట్ విత్ ఫ్రెష్‌లీ గ్రౌండ్ మస్టర్డ్'. ఇందులో ఇంగువ, పప్పులు లేవు. చోటు చాలనప్పుడు వదలవలసినవి అవే. 'ఆఫ్ ది హీట్', 'గ్రౌండ్' అనే మాటలను వదిలితే వంటకమే మారిపోతుంది.

4. పరీక్ష, పరిమితులు

అనువాదానికి ముందు వండేవారిని మూడు విషయాలు అడగాలి. నీరు ఎక్కడి నుంచి వచ్చి ఏమైంది? పులుపు, ఘాటు ఎప్పుడు చేరాయి? చివరి పని పొయ్యి మీద జరిగిందా, దించాకా? ఒకే పేరుతో ఇంటింటికీ తీరు మారుతుంది కనుక నిఘంటువు ఈ ప్రశ్నలకు బదులు కాలేదు.

తరువాత ఆంగ్ల వాక్యాన్ని మాత్రమే, తెలుగు పేరు చెప్పకుండా, వంట తెలిసిన మరొక తెలుగువారికి వినిపించి, ఏమి వండుతారో చెప్పమనాలి. వారు ఆవాలను పోపులో మాత్రమే వేస్తామంటే నూరడం, సమయం పోయాయని అర్థం. చారు కలుపుతామంటే నీటి గతి పోయింది. 'ఆవ పెట్టిన కూరా?' అని వారే అడిగితే వాక్యం నిలిచినట్లే.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. చిదమడంలో చేతికి తెలిసే మెత్తదనం మెనూ వాక్యానికి అందదు. మరొకటి వంటగదికి సంబంధించినది. ఆవ పెట్టిన కూరను ఉదయమే కలిపి ఉంచి మళ్లీ వేడి చేస్తే ఘాటు తగ్గుతుంది, అప్పుడు సరైన అనువాదం కూడా అబద్ధమవుతుంది. ఆ వాక్యం నిజం కావాలంటే ఆవముద్దను విడిగా ఉంచి, వడ్డించే ముందు కలపాలి.

5. ముగింపు

వంటకం పేరును అనువదించేటప్పుడు చూడవలసింది అందులోని క్రియ, ఆ క్రియ ముగిసే స్థితి, అది జరిగే సమయం. పదార్థాల జాబితాను కుదించి అయినా ఈ మూడింటికి చోటు ఇవ్వాలి. ఇగురులో నీటి గతిని, ఆవ కూరలో పొయ్యి దించిన క్షణాన్ని చెప్పగలిగిన వాక్యం, కొన్ని మాటల్లోనే వండే తీరును తినేవారి దాకా చేరుస్తుంది.