బాటిల్ గ్రీన్ అడిగితే రామా గ్రీన్ వచ్చింది

ఒకావిడ ఆన్‌లైన్‌లో బాటిల్ గ్రీన్ కుర్తా చూసి 1,249 రూపాయలు కట్టిందనుకుందాం. పార్సిల్ విప్పితే రామా గ్రీన్. కొలత సరిపోయింది, బట్ట బాగుంది, కుట్టులో వంక లేదు. రంగే వేరు. ఆ కోపంలో ‘ఫొటోలో ఒకటి చూపించి ఇంకోటి పంపారు, ఇది మోసం’ అని షాపుకు రాసి పడేసింది. ఇలాంటి ఉత్తరాలకు వచ్చే జవాబు మనలో చాలామందికి కంఠతా వచ్చు: ‘లైటింగ్ వల్ల, మీ ఫోన్ స్క్రీన్ వల్ల రంగులో కొద్దిపాటి తేడా ఉండవచ్చు.’

ఆ జవాబులో కొంత నిజం ఉండటమే చిక్కు. నీలం కలిసిన గాఢమైన పచ్చల్ని చాలా ఫోన్ తెరలు ఉన్నదున్నట్టు చూపలేవు. మెరుపున్న బట్టయితే స్టూడియో దీపాల కింద ఒకలా, మన ఇంటి ట్యూబ్‌లైటు కింద మరోలా కనిపిస్తుంది. షాపు చెప్పని కారణం ఇంకోటి కూడా ఉండొచ్చు. ఒక్క రంగు కుర్తాకే ఫొటో తీసి, మిగతా రంగుల్ని కంప్యూటర్‌లో మార్చేస్తుంటారు. దాన్ని పట్టుకోవడం తేలికే. ఆ పేజీలో ఉన్న రంగులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి. మోడల్ జుట్టు పాయ, చేతి వంపు, కుర్తా మీద ముడతలు అన్నింట్లోనూ అచ్చు గుద్దినట్టు ఉంటే, మీరు చూసిన రంగు బట్టది కాకపోవచ్చు.

అందుకే ఫిర్యాదును ఫొటో ఒక్కదాని మీదే నిలబెట్టకూడదు. ఫొటో గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. రంగు పేరు దగ్గర ఆ వీలు తక్కువ. పేజీలో ధర కింద వివరాల్లో ‘కలర్: బాటిల్ గ్రీన్’ అని ఉంటుంది, ఆర్డర్ బిల్లులోనూ చాలాసార్లు అదే పేరు ఉంటుంది. ఇంకా గట్టి సాక్ష్యం అదే పేజీలో దొరకొచ్చు. అదే కుర్తాను రామా గ్రీన్‌లో వేరుగా అమ్ముతున్నారేమో చూడండి. అమ్ముతుంటే ఆ రెండూ వేర్వేరు రంగులని షాపే ఒప్పుకున్నట్టు. ఇక ‘కొద్దిపాటి తేడా’ అన్న మాటకు చోటెక్కడ? అమ్మేవాళ్లు పేజీని ఎప్పుడైనా మార్చేయగలరు కాబట్టి, ఉత్తరం మొదలుపెట్టకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి.

కుర్తాను పగటి వెలుగులో, కిటికీ పక్కన, తెల్ల కాగితం ఆనించి ఫొటో తీయాలి. కాగితం తెల్లగా కనిపిస్తే రంగు దాదాపు నిజంగానే పడిందని అర్థం. కాగితం పసుపుగానో నీలంగానో వస్తే ఆ ఫొటో పనికిరాదు. ట్యాగ్ కూడా అందులో కనిపించాలి.

ఇక ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
ఫలానా తేదీన, ఫలానా నంబరు ఆర్డర్‌తో 1,249 రూపాయలకు కుర్తా కొన్నాను. మీ పేజీలోనూ బిల్లులోనూ రంగు బాటిల్ గ్రీన్ అని ఉంది. నాకు అందింది రామా గ్రీన్. ఇదే కుర్తాను మీరు రామా గ్రీన్ పేరుతో విడిగా అమ్ముతున్నారు. స్క్రీన్‌షాట్లు, పగటి వెలుగులో తీసిన ఫొటోలు జత చేశాను. కుర్తా ఉతకలేదు, ట్యాగ్ తీయలేదు. మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, నేను చెల్లించిన ఖాతాకే పూర్తి సొమ్ము జమ చేయండి. కూపన్ గానీ వాలెట్ సొమ్ము గానీ నాకు అక్కర్లేదు. ఈ ఫిర్యాదు నంబరు తెలియజేయండి.’

మోసం అనే మాట ఇందులో లేదు, దాని అవసరమూ లేదు. యాప్‌లో రిటర్న్ పెట్టేటప్పుడు కూడా కారణం జాగ్రత్తగా ఎంచుకోవాలి. ‘నచ్చలేదు’ అని నొక్కితే అది మీ మనసు మారిన లెక్కలోకి పోతుంది, కొన్నిచోట్ల పికప్ ఖర్చూ మీ మీదే పడుతుంది. ‘వివరణకు భిన్నంగా ఉంది’ లేదా ‘వేరే వస్తువు వచ్చింది’ అన్నదే సరైన కారణం. రిటర్న్ గడువు దాటకముందే ఇది పెట్టేయాలి.

ఈ ఉత్తరానికి చట్టం బలం ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అప్పుడు వాళ్లు ముందు అడిగేవాటిలో షాపు ఇచ్చిన ఫిర్యాదు నంబరు ఒకటి. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువుంది. నిజం చెప్పాలంటే 1,249 రూపాయల కోసం అంతదూరం వెళ్లేవాళ్లు అరుదు. ఆ మెట్టు ఉందన్న సంగతి షాపుకూ తెలుసు.

కుర్తా తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి తన ఫోన్‌లోని ఫొటోతో పోల్చి చూసి, ‘రంగు కలవట్లేదమ్మా’ అని వెనక్కి వెళ్లిపోవడమూ ఉంది. అదే కదా మన ఫిర్యాదు! అలాంటప్పుడు అతనితో వాదన పెట్టుకోకుండా, అతను రాసిన కారణాన్ని ఫొటో తీసి అదే ఫిర్యాదు నంబరుకు జత చేయండి.