పోపుల డబ్బా ఖాళీ చేసి ఇవ్వండి

ఏడాది పిల్లల ఆటలంటూ ఫోన్లలో తిరిగే వీడియోల్లో తరచూ కనిపించేది ఒకటే. వెడల్పాటి ట్రేలో రంగులద్దిన బియ్యమో, శనగలో, రాజ్మా గింజలో పోసి, పిల్లను పక్కన కూర్చోబెడతారు. స్పర్శ, శబ్దం, వాసన, రుచి తెలిసేలా ఆడించే ఇలాంటి వాటిని సెన్సరీ ప్లే అంటున్నారు. మూడేళ్లు దాటిన పిల్లకు, పెద్దవాళ్లు పక్కనుంటే, గింజల ట్రే మంచి ఆటే. ఏడాది పిల్లకు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

కారణం నోరు. ఈ వయసులో చేతికందిందల్లా నోట్లోకి వెళుతుంది. అది చెడ్డ అలవాటు కాదు. వస్తువు గట్టిదా మెత్తనిదా, నునుపా గరుకా అన్నది పిల్ల వేళ్లతోపాటు పెదవులతో, నాలుకతో కూడా తెలుసుకుంటుంది. కానీ అప్పటికి వచ్చేవి ముందు పళ్లే. మొదటి దవడపళ్లు సాధారణంగా 13 నుంచి 19 నెలల మధ్య వస్తాయి. అంటే కొరకడం వచ్చు, నమలడం రాదు. నున్నటి శనగగింజ నాలుక మీద జారి గొంతులోకి, అక్కడి నుంచి ఊపిరి గొట్టంలోకి పోవచ్చు. లోపలి తడికి ఎండు గింజ నాని ఉబ్బుతుంది, సమయం గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. మన దేశంలో పిల్లల ఊపిరి గొట్టాల్లోంచి డాక్టర్లు తరచూ తీసే వస్తువుల్లో పల్లీలు, శనగలు ముందు వరుసలో ఉంటాయి.

కాబట్టి ఈ వయసు ఆటకు నేను పెట్టుకునే నియమం ఒకటే: నోట్లోకి వెళ్లినా ప్రమాదం లేనిదే చేతికివ్వాలి. అలాంటివి వంటింట్లో రెండు రకాలు. నోట్లో పట్టనంత పెద్ద గిన్నెలూ గరిటెలూ ఒకటి, పిల్ల ఇప్పటికే తింటున్న మెత్తటి తిండి రెండోది. బొమ్మల భద్రతా పరీక్షల్లో దాదాపు ఒకటింబావు అంగుళం వెడల్పున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు చిన్నపిల్లలకు పనికిరాదని లెక్క. ఇంట్లో అయితే, పిల్ల పిడికిట్లో దాగిపోయేదేదీ ఇవ్వొద్దని గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటి రకానికి మన ఇళ్లలో పోపుల డబ్బాను మించింది లేదు. గుండ్రటి పెద్ద డబ్బా, అందులో ఆరేడు చిన్న గిన్నెలు, పైన ఒక మూత. తీయడం, పెట్టడం, మోగించడం, దొర్లించడం అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. పాతదొకటి అటక మీద ఉంటే దించండి. ఇచ్చేముందు మూడు పనులు చేయాలి. మిరపకారం ఘాటు స్టీలు అంచు మడతల్లో దాక్కుంటుంది కనుక వేడినీళ్లలో సబ్బు వేసి నానబెట్టి తోమాలి. ఆరాక మడతల వెంట వేలు తిప్పి, ఆ వేలు మీ పెదవికి రాసుకోండి. ఏమాత్రం చురుక్కుమన్నా మళ్లీ తోమాల్సిందే. తర్వాత అంచుల మీద కాస్త దూది లాగండి. పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ అంచు కోసుకుంటుందని అర్థం, ఆ గిన్నె పక్కన పెట్టేయాలి. మూడోది, అందులో ఉండే చిన్న చెంచా తీసేయడం. దాన్ని నోట్లో పెట్టుకుని తప్పటడుగులు వేస్తూ పిల్ల పడితే, సన్నటి కాడ గొంతులో గుచ్చుకుంటుంది.

ఇలా ఇంటి వస్తువులతోనే పిల్లల్ని ఆడనివ్వాలన్న ఆలోచనకు ఒక పద్ధతి ఏర్పరచినవారు బ్రిటన్‌కు చెందిన ఎలినార్ గోల్డ్‌ష్మీడ్. కూర్చోగలిగినా పాకలేని పిల్లల ముందు ఆమె ఇంటి వస్తువులు నింపిన బుట్ట పెట్టించేవారు. రెండో ఏడులోకి వచ్చినవాళ్లకు ఖాళీ డబ్బాలు, గొలుసులు, రింగుల వంటివి ఎక్కువ సంఖ్యలో ఇచ్చేవారు. సోనియా జాక్సన్‌తో కలిసి 1994లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని వివరంగా రాశారు. అందులో పెద్దవాళ్లకు అప్పగించిన పని అన్నిటికన్నా విలువైనదని నాకనిపిస్తుంది: దగ్గరే కూర్చోవాలి, చూడాలి, ఊరుకోవాలి. ఎలా ఆడాలో చూపించకూడదు.

మా పక్కింటి పదమూడు నెలల బాబుకు ఈ డబ్బా ఇచ్చినప్పుడు ఏం చేశాడో చెబుతాను. డబ్బాతోపాటు ఒక చెక్క గరిటె, పీచు బాగా గీకి అంచులు నున్నగా రాసిన కొబ్బరి చిప్ప పెట్టాం. అంతకుమించి ఏమీ లేదు. ముందు గిన్నెలన్నీ ఒక్కొక్కటిగా తీసి పారేశాడు. తర్వాత ఒకదాన్ని గచ్చు మీద కొట్టాడు, ఖంగుమంది. అదే గిన్నె చాప మీద కొట్టాడు, మెత్తగా వినిపించింది. ఆగి, గిన్నెకేసి చూసి, మళ్లీ గచ్చు మీద కొట్టాడు. ఆ తర్వాత చెక్క గరిటెతో గిన్నెను, గిన్నెతో కొబ్బరి చిప్పను. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో తన ముగ్గురు బిడ్డల్నే గమనిస్తూ రాసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే, పిల్లలు ఏడాది దాటాక ఒకే పనిని కొద్దికొద్దిగా మార్చి చేసి ఫలితం ఎలా మారుతుందో చూస్తారని చెప్పాడు. పక్కింటి బాబు చేసింది సరిగ్గా అదే. వాళ్ల నాయనమ్మ మధ్యలో అందుకుని, ‘‘ఒరే నాన్నా, గిన్నెలు ఇందులో పెట్టాలి, ఇదిగో ఇలా’’ అని సర్దబోతే, వాడు చేస్తున్నది ఆపేసి ఆమె ముఖంలోకి చూశాడు. కొట్టి చూడటం అక్కడితో ఆగిపోయింది.

స్టీలు, చెక్క, చిప్ప మూడూ కలిపి ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. ఒకే గదిలో ఉన్నా స్టీలు గిన్నె చల్లగా, చెక్క గరిటె గోరువెచ్చగా తోస్తాయి. స్టీలు చేతిలోని వేడిని చప్పున లాగేసుకుంటుంది, చెక్క అలా లాగదు. ప్లాస్టిక్ బొమ్మల బుట్టలో ఎన్ని రంగులున్నా చేతికి తగిలేది ఇంచుమించు ఒకే స్పర్శ. అందుకే వస్తువులు తక్కువున్నా వాటి తయారీ వేరువేరుగా ఉండాలి.

ఇక నీళ్లు. స్నానానికి ముందు సమయం దీనికి అనువైనది. వెడల్పాటి పళ్లెంలో ఒక చెంబెడు గోరువెచ్చటి నీళ్లు పోసి, చిల్లుల గరిటె ఒకటి, పోపు గిన్నె ఒకటి ఇవ్వండి. గిన్నెతో ముంచితే నీళ్లు నిలుస్తాయి, గరిటెతో ముంచితే కారిపోతాయి. ఏడాది పిల్లకు ఇది చాలాసేపు సరిపోయే వింత. నీటి వేడి మీ మణికట్టు లోపలివైపు పోసుకుని చూసుకోవాలి. కింద మందపాటి తువ్వాలు పరవాలి, లేకపోతే తడి గచ్చు మీద జారుతుంది. బకెట్టు, టబ్బు అసలు వద్దు. ఈ వయసు పిల్లకు తల బరువెక్కువ, తలకిందులుగా వంగితే తనంతట తాను లేవలేదు. మునగడానికి రెండంగుళాల నీళ్లు చాలు, చప్పుడు కూడా కాదు. తలుపు గంట మోగినా పిల్లను చంకనెత్తుకునే వెళ్లాలి, ఆట అయిన మరుక్షణం పళ్లెం వంచేయాలి.

మెత్తటి తిండితో ఆటకు రాగిపిండి నాకిష్టం. చాలామంది పిల్లలు ఈపాటికే రాగిజావ తాగుతుంటారు కాబట్టి కొత్త పదార్థంతో వచ్చే దద్దుర్ల భయం తక్కువ. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు కాసిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు మరిగే నీళ్లలో పోసి, సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. ఉప్పు, పంచదార అక్కర్లేదు. చల్లారేకొద్దీ చిక్కబడి, వేలితో గీస్తే గీత కాసేపు నిలిచే పాకానికి వస్తుంది. నీళ్లనీళ్లగా ఉంటే కారిపోతుంది, ముద్దకడితే గొంతుకు అడ్డం పడుతుంది. పచ్చిపిండి మాత్రం ఇవ్వకండి. దాంట్లో సూక్ష్మజీవులు ఉండొచ్చు, పొడి ఎగిరి ముక్కులోకి పోతుంది. ఉప్పు దట్టంగా కలిపి చేసే ఆటపిండి ముద్ద కూడా వద్దు, కొంచెం మింగినా ఆ చిన్న ఒంటికి ఉప్పు ఎక్కువవుతుంది.

జావను పళ్లెంలో పల్చగా పరిచి, ఒక మూల చెంచాడు పెరుగు వేయండి. నల్లటి జావలో తెల్లటి పెరుగు కలిసిన చోట చార పడుతుంది, చల్లదనం, పులుపు వేరుగా తెలుస్తాయి. పది పదిహేను నిమిషాలు ఆడితే ఎక్కువే. ముఖం పక్కకు తిప్పడం, కళ్లు నులుముకోవడం, వీపు విల్లులా వంచడం మొదలైతే పళ్లెం తీసేయాలి.

తిండి నోట్లోకి పోతున్నప్పుడు ఒక తేడా పెద్దలకు తెలిసి ఉండాలి. ఓకరింత వస్తే పిల్ల దగ్గుతుంది, చప్పుడు చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది. అది శరీరం తనను తాను కాపాడుకోవడమే, నోట్లో వేలు పెట్టి కెలకకండి. గొంతుకు అడ్డం పడితే శబ్దం రాదు, దగ్గు రాదు, పెదవులు నీలంగా మారతాయి. ఏడాది దాటిన పిల్లయితే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదుసార్లు కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. రెండూ మార్చి మార్చి చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాదిలోపు పిల్లకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మీద నొక్కాలి.

కొందరు పిల్లలు జావ తాకగానే చెయ్యి వెనక్కి లాక్కుని ఏడుస్తారు. వాళ్ల చేతిని పట్టుకుని పళ్లెంలో ముంచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, మర్నాడు పళ్లెం చూస్తేనే ఏడుస్తారు. మొదట జావలో చెక్క గరిటె నిలబెట్టి పొడి చివర చేతికివ్వండి. కొన్నాళ్లకు వేలికొసకు అంటుతుంది. అంటగానే తుడిచేయమని చెయ్యి చాపితే వెంటనే తడిగుడ్డతో తుడవండి, తుడుస్తారన్న నమ్మకం కుదిరితేనే మళ్లీ తాకుతుంది. చాలామంది ఇలా కొద్ది వారాల్లో అలవాటు పడతారు. అలా కాక ఏ తడి తగిలినా, మెత్తటి తిండి ఏది నోటికందించినా, గిన్నె చప్పుడు విన్నా నెలల తరబడి విలవిల్లాడుతుంటే, లేదా దీనికి విరుద్ధంగా చప్పుడుకు తల తిప్పనే తిప్పకపోతే, పిల్లల డాక్టర్‌కు చూపించండి. దేన్ని తాకింది, దేనికి బెదిరింది, దేన్ని పట్టించుకోలేదు అన్నది కాగితం మీద రాసుకుని వెళితే డాక్టర్‌కు అంచనా వేయడం తేలికవుతుంది.