పిల్లి పొట్ట మీద బొచ్చు మాయమైతే.. స్ట్రెస్సా? ఎలర్జీనా?

మా పిల్లి పొట్ట, వెనక కాళ్ల లోపలివైపు నున్నగా అయిపోయాయి. పుండు లేదు, ఎరుపు లేదు. అప్పటికి ఇల్లు మారి రెండు నెలలే. అందుకే అందరిదీ ఒకటే మాట, ‘కొత్త ఇల్లు కదా, స్ట్రెస్సే’ అని.

వెట్ మాత్రం ఆ మాట చివరికి వాయిదా వేశారు. ఎందుకో తెలుసా? 2006లో ఒక అమెరికన్ వెటర్నరీ జర్నల్‌లో వచ్చిన స్టడీలో, ఇలా ‘మానసిక కారణం’ అనుకున్న 21 పిల్లుల్ని పూర్తిగా పరీక్షించారు. వాటిలో కేవలం స్ట్రెస్ వల్ల నాకుతున్నవి రెండే. మూడింటికి రెండు కారణాలూ ఉన్నాయి. మిగతా 16 పిల్లులకీ ఒంట్లోనే సమస్య, ఎక్కువగా ఎలర్జీ దురద.

మొదటి ప్రశ్న: బొచ్చు దానంతట అదే ఊడుతోందా, పిల్లి నాకేస్తోందా? చాలా పిల్లులు మన ముందు నాకవు, చాటుగా కానిచ్చేస్తాయి. అందుకే వెట్ నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోప్ కింద పెట్టారు. సహజమైన వెంట్రుక కొస సూదిలా సన్నగా ఉంటుంది. మా దానివన్నీ విరిగి ఉన్నాయి. అంటే నాకడమే. అయితే దురదతో నాకినా, దిగులుతో నాకినా కొస ఒకేలా విరుగుతుంది. కాబట్టి ఈ టెస్టు ఇంతవరకే చెబుతుంది.

తర్వాత చర్మం గీకి పురుగులు, ఫంగస్ చూశారు. పొట్ట కింద మాత్రమే నాకితే మూత్రాశయం నొప్పి కూడా కావచ్చని యూరిన్ టెస్టూ చేశారు. ఏమీ తేలలేదు. దువ్వెనకి ఫ్లీస్ చిక్కలేదు కానీ, నాకేటప్పుడు పిల్లి వాటిని మింగేస్తుంది కాబట్టి కనిపించనంత మాత్రాన లేవని కాదన్నారు. పిల్లుల కోసం చేసిన చుక్కల మందు మొదలుపెట్టాం. (కుక్కల మందు వాడొద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది.) రెండు నెలలైనా మార్పు లేదు.

ఇక ఫుడ్ ట్రయల్. ప్రొటీన్‌ని చిన్న ముక్కలుగా విరగ్గొట్టి తయారుచేసిన ప్రత్యేక ఫుడ్ ఒక్కటే, ఎనిమిది వారాలు. చుక్కల మందు ఆపలేదు, ఇంట్లో ఇంకేదీ మార్చలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా! ‘ఒక్క ట్రీట్ పెట్టినా లెక్క మొదటికొస్తుందండీ’ అన్నారు వెట్. అమ్మ చేపముక్క వేయకుండా ఆపడమే కష్టమైంది.

ఆరో వారానికి పొట్ట మీద నూగు కనిపించింది. అయినా అక్కడితో తేల్చలేదు. ఎనిమిది వారాలయ్యాక పాత చికెన్ ఫుడ్ మళ్లీ పెట్టమన్నారు. ఐదో రోజుకి నాకుడు మొదలైంది. ప్రత్యేక ఫుడ్‌కి మారిస్తే తగ్గింది. అప్పుడు రాశారు, ‘ఫుడ్ ఎలర్జీ’ అని.

దీనికీ తగ్గకపోతే దుమ్ము, పుప్పొడి లాంటి ఎలర్జీ ఉందేమోనని కొన్నాళ్లు దురద తగ్గించే మందు ఇచ్చి చూస్తారు. దానికీ లొంగకపోతేనే స్ట్రెస్ వంతు. ముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే మాత్రం నాకుడు కొన్నాళ్లు ఆగుతుంది, కారణం తెలియకుండానే మళ్లీ మొదలవుతుంది.