భుజంపై పడిన పరాయి చేయి

పదవీ విరమణ సభలలో తీసే సామూహిక ఛాయాచిత్రాలలోకి పిలవని పేరంటానికి వచ్చినట్లు ఎవరో ఒకరు చొరబడటం కొత్త కాదు. పొరుగువాని తల వెనుక గోడ ముందు కనిపిస్తే దానిని తొలగించడం సులభం. అతని చేయి మన మిత్రుల భుజాన్నీ, జుట్టునూ కప్పివేసినప్పుడే చిక్కు. ఎందుకంటే ఆ చేతి వెనుక చిత్రంలో ఏమీ లేదు. చేతిని చెరిపివేస్తే మిగిలేది ఖాళీ. అక్కడ ఉండవలసిన భుజాన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టాలి.

మా విభాగంలో చిరకాలం పనిచేసిన ఒక సహోద్యోగిని వీడ్కోలు చిత్రమే ఇందుకు ఉదాహరణ. ఆమె వరుస చివర నిలబడ్డారు. చట్రం బయటనుంచి ఒక యువకుడు ఎవరినో పిలుస్తూ చాచిన చేయి ఆమె ఎడమ భుజం మీదుగా, వదులుగా వేసుకున్న జుట్టు మీదుగా పడింది. ఏడాది తిరగకుండానే ఆమె కన్నుమూశారు. అంత నిండుగా నవ్విన చిత్రం మరొకటి లేదని ఆమె కుమార్తె దీనినే కోరింది. అంచు కత్తిరించి చేతిని తప్పిద్దామంటే తల్లి భుజం కూడా పోతుంది.

కుడి భుజాన్ని అద్దంలోవలె తిప్పి ఎడమవైపు అతికించడం చాలామందికి మొదట తోచే ఉపాయం. చొక్కా వేసుకున్నవారికి కొంతవరకు పనికివస్తుంది. చీర విషయంలో పనికిరాదు. పైట ఎడమ భుజం మీద ఉంటుంది, కుడివైపు రవికె మాత్రమే కనిపిస్తుంది. పైగా వెలుతురు ఒక పక్కనుంచి పడుతున్నప్పుడు తిప్పిన భుజంపై నీడ తారుమారవుతుంది.

కాబట్టి మొదట వెతకవలసినది అదే నిమిషంలో తీసిన మరొక చిత్రం. ఎవరైనా కళ్లు మూస్తారేమోనని ఛాయాగ్రాహకులు వరుసగా మూడు నాలుగు తీస్తారు. ఈ వరుసలోని రెండవ చిత్రంలో ఆమె కళ్లు మూసుకున్నారు గాని, ఆ చేయి ఇంకా చొరబడలేదు. అందులోని భుజాన్నీ, జుట్టునూ కొంచెం చుట్టుపక్కలతో కలిపి ఎంపిక చేసి, మొదటి చిత్రంపై కొత్త పొరగా అతికించాలి. ఆ పొరను సగం పారదర్శకం చేస్తే కింది చిత్రం కనిపిస్తుంది. పైట అంచునూ, రవికె మెడ గీతనూ ఆధారంగా పట్టుకుని జరపాలి. ఆమె కొద్దిగా కదిలారు కనుక రెండు డిగ్రీలు తిప్పవలసివచ్చింది. తరువాత మాస్క్ వేసి, మెత్తని కుంచెతో చేయి ఉన్నంత మేరకే కొత్త భాగాన్ని బయటపెట్టాలి. ఉచితంగా దొరికే గింప్‌లోనూ, ఫోటోషాప్‌లోనూ ఇదే పద్ధతి.

చేయి పోయినా దాని నీడ పైట మీద మిగిలిపోతుంది. మనిషి లేని నీడ చూసేవారి కంటిని వెంటనే ఆపుతుంది. మాస్క్‌ను నీడ దాటేవరకు విస్తరించాలి.

రెండవ చిత్రం లేకపోతే క్లోన్ సాధనమే గతి. అది ఒకచోటి భాగాన్ని ఉన్నదున్నట్లుగా మరొకచోట ముద్రిస్తుంది. హీల్ సాధనం చుట్టుపక్కల రంగును కూడా కలుపుకుంటుంది. గోడ మధ్యలో హీల్ చక్కగా పనిచేస్తుంది. భుజం అంచుకు వచ్చేసరికి మాత్రం చీర రంగు గోడలోకి కారినట్లు మసకబారుతుంది. అంచు దగ్గర ఎంపిక గీత గీసి, దాని లోపల క్లోన్ వాడటమే క్షేమం.

అన్నిటికంటే కష్టం జుట్టు. గోడ, చీర ముగిశాకే దానిని ముట్టుకోవాలి, అది వాటిపై పడుతుంది కనుక. లోపలి ఒత్తైన భాగాన్ని అతికించి నింపవచ్చు. అంచు వెంట్రుకలను ఒకటి రెండు పిక్సెళ్ల కుంచెతో, పైనుంచి కొసకు సన్నబడేలా విడివిడిగా గీయాలి. తెల్లగోడ ముందు ఆ వెంట్రుకలు నలుపు కావు, గోధుమరంగు. రంగును పక్కనున్న అసలు జుట్టునుంచే తీసుకోవాలి. గీసిన వెంట్రుక మరీ స్పష్టంగా ఉంటుంది. కొంచెం మసకపరచి, చిత్రంలోని సన్నని రేణువులను చేర్చితేనే చుట్టుపక్కలతో కలుస్తుంది.

ఈ చిత్రంలో చేతి కింద దాగినది చెవి వెనుక నెరసిన పాయ. పక్కనున్న నల్లని జుట్టును క్లోన్ చేసి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు, కాని కుమార్తె గుర్తుపట్టేది. రెండవ చిత్రం ఆ పాయను కాపాడింది. చేయి చెంపనో, కంటినో కప్పి, ఆధారానికి మరో చిత్రం లేకపోతే ముఖాన్ని కల్పించరాదన్నది నా అభిప్రాయం. అటువంటప్పుడు చేతిని ఉంచడమే మేలు.

పూర్తయ్యాక చిత్రాన్ని అసలు పరిమాణంలో ఒకసారి, ఎడమ కుడులు తిప్పి మరొకసారి చూడాలి. ఒకే మరక రెండుచోట్ల కనబడితే క్లోన్ పట్టుబడినట్లే. 8 అంగుళాలు, 10 అంగుళాల కాగితంపై అంగుళానికి 300 పిక్సెళ్లతో ముద్రించాలంటే 2400, 3000 పిక్సెళ్లు కావాలి. ఆమె కుమార్తెకు ఆ పరిమాణంలో ముద్రించిన ప్రతితోపాటు, చేయి ఉన్న అసలు చిత్రాన్ని కూడా విడిగా ఇచ్చాము.